పొందూరు చీర, అరిసెల డబ్బా అమెరికాకు పంపాలంటే... అది గిఫ్టా, అమ్మకమా?

డాలస్‌లో ఉంటున్న కూతురు వీడియో కాల్‌లో పొందూరు ఖాదీ చీర చూసి, ‘‘అమ్మా, అది నాకు పంపించు. పండక్కి రెండు కిలోల అరిసెలు, జంతికలు కూడా’’ అంటుంది. ఆ ఫొటో చూసి ఆమె స్నేహితురాలు, ‘‘ఆంటీ, నాకూ ఒకటి. డబ్బులు పంపిస్తాను’’ అంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి నుంచి పిండివంటలు, చీరలు అమ్మే చాలామంది వ్యాపారం ఇలా ఒక వాట్సాప్ మెసేజ్‌తోనే మొదలవుతుంది.

చూడటానికి ఈ రెండు పార్సిళ్లూ ఒకేలా ఉంటాయి. అదే చీర, అదే దేశం, బరువు కూడా అంతే. అమెరికా కస్టమ్స్ దృష్టిలో మాత్రం మొదటిది బహుమతి, రెండోది వ్యాపార ఎగుమతి. ఒకదానిపై సుంకం ఉండకపోవచ్చు, రెండోదానిపై కట్టితీరాలి. పోస్టాఫీసు కౌంటర్‌లో నింపే ఫారంలో ‘గిఫ్ట్’ దగ్గర టిక్ పెట్టాలా, ‘అమ్మకం’ దగ్గర పెట్టాలా అన్నదాన్ని బట్టే మిగతా పత్రాలన్నీ మారిపోతాయి.

2025 ఆగస్టులో ఏం మారింది?

అంతకుముందు అమెరికాలో ఒక వెసులుబాటు ఉండేది. ఒక వ్యక్తికి ఒక రోజులో వచ్చే సరకు విలువ 800 డాలర్లు దాటకపోతే సుంకం వేసేవారు కాదు. అందుకే చిన్న అమ్మకందారులు సుంకం గురించి పట్టించుకునేవారు కాదు. ఫారంలో గిఫ్ట్ అని రాసినా, అమ్మకం అని రాసినా డబ్బుల్లో తేడా వచ్చేది కాదు. చాలామంది అలవాటుగా గిఫ్ట్ అనే రాసేవారు.

2025 జులై 30న అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో, ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆ 800 డాలర్ల మినహాయింపు ఆగిపోయింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా జమ చేయాలో స్పష్టత లేక విమానయాన సంస్థలు పార్సిళ్లు తీసుకోలేమన్నాయి. దాంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు చాలా రకాల బుకింగ్‌లు ఆపేసింది. ఉత్తరాలు, పత్రాలు, 100 డాలర్ల లోపు గిఫ్టులకు మొదట అనుమతి ఉంచినా, కొద్ది రోజుల్లోనే వాటినీ ఆపింది. సేవలు మళ్లీ మొదలైంది అక్టోబరు 15న. అంటే ఆ ఏడాది దసరా పార్సిళ్లు పోస్టులో వెళ్లలేదు. దీపావళికి అయిదు రోజుల ముందు మాత్రమే దారి తెరుచుకుంది.

అప్పటి నుంచి పద్ధతి వేరు. పార్సిల్ బుక్ చేసేటప్పుడే అమెరికా సుంకాన్ని తపాలా శాఖ ఇక్కడే, రూపాయల్లో వసూలు చేస్తుంది. అమెరికా కస్టమ్స్ గుర్తించిన సంస్థ ద్వారా అది అక్కడ జమ అవుతుంది. పార్సిల్ అందుకునేవారు గుమ్మం దగ్గర మళ్లీ ఏమీ కట్టాల్సిన పని ఉండదు. ఈ ఏర్పాటు కోసం అదనపు చార్జీ వేయబోమని తపాలా శాఖ అప్పట్లో ప్రకటించింది.

సేవలు తిరిగి మొదలైన రోజున పోస్టులో వెళ్లే భారతీయ వస్తువులపై సుంకం, ప్రకటించిన విలువలో 50 శాతం. ఇది అమెరికా రాజకీయ నిర్ణయాలతో పెరిగే, తగ్గే అంకె. కాబట్టి కస్టమర్‌కు ధర చెప్పే రోజున పోస్టాఫీసులో ఒకసారి అడిగి తెలుసుకోవాలి. రేటు తగ్గినంత మాత్రాన పాత 800 డాలర్ల వెసులుబాటు తిరిగి వచ్చినట్టు మాత్రం కాదు. 2027 జులై 1 నుంచి వాణిజ్య సరకుకు దాన్ని పూర్తిగా తొలగిస్తూ అమెరికా కాంగ్రెస్ 2025లోనే చట్టం చేసింది.

మరి ఏది గిఫ్ట్?

100 డాలర్ల లోపు నిజమైన బహుమతికి మినహాయింపు ఇప్పటికీ ఉంది. ‘నిజమైన’ అన్న మాటే ఇక్కడ ముఖ్యం. పంపేవారు తమ డబ్బుతో కొని లేదా స్వయంగా తయారుచేసి, తిరిగి ఏమీ తీసుకోకుండా పంపితే అది బహుమతి. అందుకునేవారు డబ్బు ఇస్తే అది అమ్మకమే. చుట్టరికం ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు. సొంత మేనకోడలికి పంపినా, ఆమె డబ్బు పంపిందంటే అది అమ్మకం కిందకే వస్తుంది.

అమ్మకందారులకు పనికొచ్చే సంగతి ఇందులోనే ఒకటుంది. శ్రీకాకుళంలో ఉన్న తల్లి మీ దగ్గర చీర కొని, మీకు ఇక్కడే డబ్బు చెల్లించి, తన పేరుతో, తన గుర్తింపు కార్డుతో కూతురికి పోస్టు చేస్తే ఆ పార్సిల్ ఆ తల్లి ఇచ్చిన బహుమతే. మీరు చేసింది ఇక్కడి అమ్మకం మాత్రమే, ఎగుమతి కాదు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అయితే పంపినవారి స్థానంలో మీ పేరు, మీ షాపు పేరు ఉండకూడదు. కూతురే మీకు డబ్బు పంపించి, పార్సిల్ మీద తల్లి పేరు రాయించడం మాత్రం తప్పు ప్రకటన అవుతుంది.

100 డాలర్ల లెక్కలో ఇంకో రెండు మెలికలున్నాయి. ఆ పరిమితి ఒక వ్యక్తికి ఒక రోజుకు వర్తిస్తుంది. పార్సిళ్లు రెండుగా చేసి పంపినా, ఒకే రోజు ఒకే వ్యక్తికి చేరితే కలిపి లెక్కేస్తారు. విలువ 100 డాలర్లు దాటితే దాటిన భాగానికే కాదు, మొత్తం విలువకూ సుంకం పడుతుంది. అక్కాచెల్లెళ్లిద్దరికి ఒకే పెట్టెలో పంపాలనుకుంటే ఎవరి చీర వాళ్లకు విడిగా చుట్టి, పైన పేరు రాసి, ఫారంలో కూడా రెండు బహుమతులుగా, ఎవరిది ఎంత విలువో చూపించాలి.

ఒక చీర లెక్క

8 వేల రూపాయల పొందూరు చీరనే తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి డాలరుకు 90 రూపాయలు అనుకుంటే, దాని విలువ సుమారు 89 డాలర్లు. తల్లి బహుమతిగా పంపితే 100 డాలర్ల లోపే కాబట్టి సుంకం లేదు. పోస్టల్ చార్జీ కడితే సరిపోతుంది.

అదే చీరను కూతురి స్నేహితురాలికి మీరు అమ్మారు. సుంకం 50 శాతం ఉన్న రోజైతే బుకింగ్ కౌంటర్‌లో 4 వేల రూపాయలు అదనంగా కట్టాలి. ఒకవేళ రేటు 10 శాతానికి తగ్గితే 800 రూపాయలు. ఒకే చీరకు, కేవలం రేటు మారడంతో 3,200 రూపాయల తేడా వస్తోంది. ఒక్కో చీరపై వెయ్యో, పదిహేను వందలో మిగిలే వ్యాపారంలో ఇది లాభాన్ని మింగేసి చేతి నుంచి పెట్టించే మొత్తం. అందుకే చీర ధర, పోస్టల్ చార్జీ, సుంకం మూడూ విడివిడిగా కస్టమర్‌కు చెప్పి, ‘సుంకం బుక్ చేసిన రోజు రేటు ప్రకారం’ అని మెసేజ్‌లో రాసి ఉంచుకోవడం మంచిది. ‘అన్నీ కలిపి ఇంత’ అని నెల ముందే మాట ఇస్తే ఆ నష్టం మీ మీదే పడుతుంది.

విలువ తగ్గించి రాస్తే పోలేదా అని అనిపించొచ్చు. 8 వేల చీరకు 1,500 అని రాసేవాళ్లూ ఉన్నారు. పార్సిల్ పోతే పరిహారం ఆ 1,500 రూపాయలను బట్టే ఉంటుంది. బ్యాంకులో విదేశం నుంచి వచ్చిన మొత్తం, ఎగుమతి పత్రంలో రాసిన మొత్తం పొంతన కుదరక అక్కడా చిక్కు వస్తుంది. చీర మీద ధర చీటీ అలాగే ఉండిపోయి దొరికిపోయిన సందర్భాల గురించి చెబితే నవ్వొస్తుంది కానీ, తనిఖీలో అధికారి మొదట చూసేది దాన్నే.

ఇంకో ఖర్చు తిరుగు టపాది. కస్టమర్‌కు రంగు నచ్చలేదని చీర వెనక్కి పంపిస్తానంటే, అప్పటికే అమెరికా కస్టమ్స్‌కు జమైన సుంకం మీ చేతికి రావడం కష్టం. వెనక్కి వచ్చిన పార్సిల్‌ను ఇక్కడి కస్టమ్స్ దిగుమతిగా చూస్తుంది కాబట్టి, అది మీరు పంపిన సరకేనని చూపించే ఎగుమతి పత్రం దగ్గరుండాలి. పొందూరు చీరల్లో సహజమైన గోధుమ, మీగడ రంగు ఛాయలు ఫోన్ తెరపై ఒకలా, పగటి వెలుగులో ఒకలా కనిపిస్తాయి. పంపే ముందు ఎండ వెలుతురులో వీడియో తీసి ఒప్పుకోలు తీసుకోవడం ఈ గొడవలో సగం తగ్గిస్తుంది.

అమ్మకంగా పంపాలంటే కావాల్సినవి

మొదట ఐఈసీ. ఇది దిగుమతి, ఎగుమతిదారులకు కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం ఇచ్చే నంబరు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలతో dgft.gov.in లో దరఖాస్తు చేయాలి. రుసుము 500 రూపాయలు. ఏజెంట్లు దీనికి వేలల్లో అడుగుతుంటారు, అవసరం లేదు. వచ్చాక మరిచిపోయేది ఒకటుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆ వివరాలను పోర్టల్‌లో ఒకసారి నిర్ధారించాలి. మార్పులేమీ లేకపోయినా చేయాలి. చేయకపోతే నంబరు పనిచేయకుండా పోతుంది, ఆ సంగతి పండగ సీజన్లో పార్సిల్ ఆగిన రోజున తెలుస్తుంది.

రెండోది జీఎస్టీ. ‘నా టర్నోవర్ అంత లేదు కదా’ అని చాలామంది దీన్ని వదిలేస్తారు. అయితే సరకు ఎగుమతిని జీఎస్టీ చట్టం అంతర్రాష్ట్ర సరఫరాగానే చూస్తుంది. అందువల్ల ఊళ్లో అమ్మేవారికి ఉండే టర్నోవర్ మినహాయింపు ఇక్కడ సాధారణంగా వర్తించదు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక జీఎస్టీ పోర్టల్‌లోనే ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తే, పన్ను ముందుగా కట్టకుండానే ఎగుమతి చేయొచ్చు. దీన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాలి. చేనేత, హస్తకళల విషయంలో కొన్ని ప్రత్యేక మినహాయింపులున్నాయి, మీ సరకు వాటిలోకి వస్తుందో లేదో అకౌంటెంట్‌ను అడగండి.

మూడోది తపాలా శాఖ ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్ర’ ఖాతా. చిన్న ఎగుమతిదారుల కోసం 2022 నుంచి పోస్టాఫీసుల్లో వీటిని తెరిచారు. dnk.cept.gov.in లో పేరు నమోదు చేసుకుని, పార్సిల్ వివరాలతో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రాన్ని ఇంటి నుంచే నింపొచ్చు. లేబుల్ ముద్రించుకుని, పార్సిల్‌ను కేంద్రంలో ఇస్తే చాలు. అది విదేశీ తపాలా కార్యాలయానికి వెళ్తుంది, అక్కడ మన కస్టమ్స్ అధికారులు ఆ పత్రాన్ని కంప్యూటర్‌లోనే పరిశీలిస్తారు. సీలు వేయడానికో, సంతకానికో మీరు నగరానికి పరుగెత్తాల్సిన పని లేదు. మీకు దగ్గర్లోని కేంద్రం ఏదో జిల్లా కేంద్రంలోని హెడ్ పోస్టాఫీసులో చెబుతారు.

ఈ పత్రంలో ఎక్కువగా తప్పు జరిగేది సరకు వర్ణన దగ్గర. ‘గిఫ్ట్ ఐటమ్స్’, ‘క్లాత్స్’, ‘ఫుడ్’ లాంటి మాటలు పనికిరావు. పంపే సమాచారం పార్సిల్ కంటే ముందే అమెరికా కస్టమ్స్ కంప్యూటర్‌కు చేరుతుంది. అందులో సరకు ఏమిటో తెలియకపోతే పార్సిల్ ఆగుతుంది. చీరకైతే ఇలా టైప్ చేస్తే సరిపోతుంది:

```
Women's saree, 100% cotton, handwoven, 1 piece, Made in India
```

దీనికి తోడు హెచ్‌ఎస్ కోడ్ ఉండాలి. ప్రపంచమంతా సరకును గుర్తించే అంకె ఇది. నూలు బట్టలు 52వ అధ్యాయంలో, పట్టు బట్టలు 50వ అధ్యాయంలో ఉంటాయి. నూలు, పట్టు కలిసిన చీరైతే దేని వాటా ఎక్కువో చూసి కోడ్ వేస్తారు, అందుకే నేతగాళ్ల దగ్గర కొనేటప్పుడే నూలు శాతం అడిగి బిల్లులో రాయించుకోవాలి.

పొందూరు చీర అని అమ్మేవారికి ఇంకో సంగతి. ఖాదీ అంటే చేత్తో వడికిన నూలుతో, చేమగ్గంపై నేసిన బట్ట. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, వడికి నేస్తారు, దాని పేరు అక్కడి నుంచే వచ్చింది. మిల్లు నూలుతో చేమగ్గంపై నేసినది చేనేత అవుతుంది కానీ ఖాదీ కాదు. 2013 నుంచి ఉన్న ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం, ఖాదీ కమిషన్ ధ్రువీకరణ లేకుండా ఖాదీ పేరుతో అమ్మకూడదు. పొందూరులోని ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం లాంటి గుర్తింపు పొందిన సంస్థ దగ్గర కొన్న బిల్లును పార్సిల్‌తో పాటు ఒక ప్రతి ఉంచితే, కస్టమర్‌కూ నమ్మకం, అధికారులకూ విలువకు ఆధారం.

పిండివంటల దగ్గర అసలు చిక్కు

చీర ఆగితే ఆలస్యంగానైనా చేరుతుంది. అరిసెల డబ్బా ఆగితే అంతే సంగతులు. అమెరికాకు ఆహారం పంపడంలో సుంకం కంటే ముందు దాటాల్సిన గేటు ఎఫ్‌డీఏ, అంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ.

తిండి వస్తువు ఏది వచ్చినా ముందుగా సమాచారం ఇవ్వాలన్నది వాళ్ల నియమం. దీన్ని ప్రయర్ నోటీస్ అంటారు. దీనికి ఒకే ఒక్క సులువైన మినహాయింపు ఉంది. ఒక వ్యక్తి తన ఇంట్లో తానే వండి, అమెరికాలోని మరో వ్యక్తికి బహుమతిగా తానే పంపితే నోటీసు అక్కర్లేదు. అమ్మ చేసిన సున్నుండలు అమ్మే పంపితే ఈ మినహాయింపు వర్తిస్తుంది. మీరు చేసిన సున్నుండలను ఆ అమ్మ కొని పంపితే ఆమె వండినవి కావు కాబట్టి, నియమం ప్రకారం నోటీసు ఇవ్వాల్సిందే. చీర విషయంలో పనికొచ్చిన తల్లి బహుమతి దారి తిండి దగ్గర సుంకం వరకే పనికొస్తుందన్నమాట.

నోటీసును ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దాఖలు చేయొచ్చు. PNSI అనే విభాగంలో ఖాతా తెరిచి, వంటకం పేరు, ఎంత పరిమాణం, ఎవరు తయారుచేశారు, ఎవరు పంపుతున్నారు, ఎవరికి అన్నవి నింపాలి. పోస్టులో పంపేటప్పుడు పార్సిల్ వేయకముందే ఇది పూర్తి కావాలి. వచ్చిన ధ్రువీకరణ నంబరును పార్సిల్‌పై ఉండే కస్టమ్స్ ఫారంలో రాయాలి. నంబరు లేకుండా వెళ్లిన డబ్బాను ఆపడానికి, తిప్పి పంపడానికి వాళ్లకు అధికారం ఉంది. ఒక్కో రకం వంటకానికి ఒక్కో నోటీసు కావాలి. డబ్బాలో అరిసెలు, జంతికలు, గవ్వలు, పప్పు చెక్కలు, పలాస జీడిపప్పు అయిదూ ఉంటే అయిదు నమోదులు. మొదట్లో రెండు మూడు రకాలకే పరిమితం కావడం మేలు.

తయారుచేసిన చోటును కూడా ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేయాలన్నది ఇంకో నియమం. ఇందులో సొంతంగా నివసించే ఇంటికి మినహాయింపు ఉంది. ఇంటి వంటగదిలోనే చేస్తుంటే నోటీసులో ఆ కారణాన్నే ఎంచుకుంటారు. వీధిలో షెడ్డు అద్దెకు తీసుకుని, నలుగురిని పెట్టి చేయిస్తుంటే అది ఇల్లు కాదు. అప్పుడు నమోదు తప్పనిసరి, అమెరికాలో ఒక ప్రతినిధి పేరు కూడా చూపించాలి. ఎఫ్‌డీఏ ఈ నమోదుకు రుసుము తీసుకోదు. సరి సంఖ్య ఉన్న సంవత్సరాల్లో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఇవన్నీ అమెరికా నియమాలు. మన వైపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి వేరే ఉండాలి. ఎగుమతి చేసేవారికి ఏ రకం లైసెన్సు అవసరమో దరఖాస్తు సమయంలో అడిగి అదే తీసుకోండి, స్థానిక అమ్మకాలకు తీసుకున్న రిజిస్ట్రేషన్ ఎగుమతికి సరిపోతుందనుకోవద్దు.

ప్యాకెట్ మీద లేబుల్ ఇంగ్లిష్‌లో ఉండాలి. వంటకం పేరు, దినుసులు, నికర బరువు, తయారీదారు చిరునామా, భారత్‌లో తయారైందన్న మాట రాయాలి. వీటన్నిటికంటే ముఖ్యం అలర్జీ దినుసులు. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు... ఈ తొమ్మిదింటిలో ఏది ఉన్నా స్పష్టంగా చెప్పాలని అమెరికా చట్టం. నువ్వులు 2023 జనవరి 1 నుంచి ఈ జాబితాలో చేరాయి. మన వంటల్లో ఇది ఎక్కడ తగులుతుందో చూడండి: అరిసెల మీద నువ్వులు, సున్నుండల్లో నెయ్యి అంటే పాలు, గవ్వల్లో మైదా అంటే గోధుమ, పాకం ఉండల్లో వేరుశనగ, జీడిపప్పు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో వాళ్లకు తెలిసిన రుచే కదా అని దినుసులు రాయకపోతే ఆపడానికి అదే కారణం చాలు. పైగా అక్కడి బడిలో పిల్లాడి డబ్బాలోంచి పక్క పిల్లాడు ఒక ముక్క తీసుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఫొటోకు అందంగా ఉంటుందని కరివేపాకు రెమ్మ పెట్టి ప్యాక్ చేయకండి. నిమ్మ జాతి చెట్లకు తెగులు వ్యాపిస్తుందని అమెరికా పచ్చి కరివేపాకును అనుమతించదు. ఒక్క రెమ్మ వల్ల మొత్తం డబ్బా పోవచ్చు.

ప్యాకింగ్ గురించి రెండు మాటలు. వేడి తగ్గకుండా మూత పెట్టిన అరిసెల్లో చెమ్మ పట్టి, దారిలోనే బూజు వస్తుంది. ఒక రాత్రంతా నూనె ఓడనిచ్చి, పూర్తిగా చల్లారాక, గాలి తీసిన కవర్లలో అరకిలో చొప్పున పెట్టి, వాటిని గట్టి అట్టపెట్టెలో సర్దాలి. చీర, పిండివంటలు ఒకే పెట్టెలో వద్దు. నూనె మరక ఒక సమస్య, అయితే అంతకంటే పెద్దది, తిండి కోసం పెట్టె ఆగితే చీర కూడా దాంతోపాటే ఆగుతుంది.

వదిన ఇంటికి ఇరవై కిలోలు పంపితే?

పోస్టల్ చార్జీ కలిసొస్తుందని చాలామంది చేసే పని ఒకటుంది. న్యూజెర్సీలో ఉన్న వదినకో, అక్కకో ఒకేసారి పెద్ద పెట్టె పంపి, ఆమె చుట్టుపక్కల తెలుగువాళ్లకు అమ్మి డబ్బు పంపేలా ఏర్పాటు చేసుకుంటారు. సాయం చేద్దామని ఒప్పుకున్న ఆ వదిన, తనకు తెలియకుండానే అమెరికా చట్టంలో దిగుమతిదారు అవుతుంది.

సొంతంగా తినడానికి కొద్ది పరిమాణంలో తెప్పించుకునే ఆహారానికి, విదేశీ తయారీదారును తనిఖీ చేసే బాధ్యత నుంచి అక్కడ మినహాయింపు ఉంది. అందుకే ఒక్కో కస్టమర్ ఇంటికి నేరుగా రెండు మూడు కిలోలు వెళితే ఈ బాధ్యత ఎవరికీ రాదు. ఇతరులకు అమ్మడానికో, పంచడానికో వచ్చిన సరకుకు ఆ మినహాయింపు లేదు. మీ వంటగదిలో ఏ ప్రమాదాలున్నాయి, వాటిని ఎలా నియంత్రిస్తున్నారన్నది పరిశీలించి రికార్డులు ఉంచాల్సింది ఆమే. ఎఫ్‌డీఏ అడిగితే చూపించాల్సిందీ ఆమే. వీసాపై ఉండి, వ్యాపారం చేసే అనుమతి లేనివాళ్లకైతే ఇది ఇంకో తలనొప్పి. ఒక్కో పార్సిల్‌కు చార్జీ ఎక్కువే అయినా కస్టమర్ పేరుతో నేరుగా పంపడమే బంధువుకు మీరు చేసే మేలు.

డబ్బు ఎలా తీసుకోవాలి?

ఎగుమతి డబ్బు బ్యాంకు ద్వారా, విదేశం నుంచి వచ్చినట్టు కనిపించాలి. కస్టమర్ అక్కడి నుంచి మీ కరెంటు ఖాతాకు పంపినా, గుర్తింపు పొందిన చెల్లింపు సంస్థ ద్వారా వచ్చినా, బ్యాంకు నుంచి వచ్చే విదేశీ చెల్లింపు ధ్రువపత్రాన్ని ఎగుమతి పత్రం నంబరుతో జతచేసి దాచుకోండి. ‘మా నాన్నగారు శ్రీకాకుళంలో ఫోన్‌పే చేస్తారు’ అని కస్టమర్ అంటే, అప్పుడు కొన్నది ఎవరన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆ తండ్రే కొని, తానే పంపితే అది పైన చెప్పిన బహుమతి దారి. మీరు ఎగుమతిదారుగా పంపి, డబ్బు మాత్రం ఇక్కడి ఫోన్‌పేలో తీసుకుంటే, ఆ ఎగుమతికి విదేశీ డబ్బు రానట్టే బ్యాంకు లెక్కల్లో మిగిలిపోతుంది.

అమెరికా కాకపోతే?

ఇక్కడ చెప్పిన అంకెలేవీ మిగతా దేశాలకు వర్తించవు. బ్రిటన్‌లో గిఫ్టుకు పన్ను మినహాయింపు 39 పౌండ్ల వరకే. అంటే మన 8 వేల చీర తల్లి పంపినా పన్ను పడుతుంది. అమ్మకమైతే 135 పౌండ్ల లోపు సరకుకు అక్కడి వ్యాట్‌ను అమ్మేవారే వసూలు చేసి కట్టాలి, దానికి అక్కడ రిజిస్ట్రేషన్ కావాలి. నెలకు నాలుగు చీరలు పంపేవారికి అది గిట్టుబాటు కాదు, ఆ బాధ్యత తీసుకునే ఆన్‌లైన్ మార్కెట్ ద్వారా అమ్మడం సులువు. కెనడాలో గిఫ్టు పరిమితి 60 కెనడియన్ డాలర్లు, కొన్న సరకుకు పోస్టులో అయితే 20 డాలర్లే. ఆస్ట్రేలియాలో వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు చీరకు కస్టమ్స్ సుంకం ఉండదు కానీ, తిండి విషయంలో అంత కఠినమైన దేశం ఇంకోటి లేదన్నట్టు ఉంటుంది. పాలకోవా లాంటి పాల మిఠాయిలను పోస్టులో అసలు రానివ్వరు. మెల్‌బోర్న్ నుంచి ఆర్డర్ వస్తే డబ్బు తీసుకోకముందే, ఆ వంటకం పేరుతో, దినుసులతో ఆ దేశ వ్యవసాయ శాఖ దిగుమతి నిబంధనల పోర్టల్ BICON లో వెతికి చూడండి. అక్కడ అనుమతి కనిపించని వంటకానికి ఆర్డర్ తీసుకోకపోవడమే మంచిది.